పాత కార్డుకు కొత్త పూత!

కొన్న కొత్తలో పక్కనే కూర్చున్నా చప్పుడు వినిపించని కంప్యూటరు, ఆరేడేళ్లు తిరిగేసరికి మిక్సీలా మోత మొదలుపెడుతుంది. అబ్బాయి గేమ్ పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అమ్మాయి యానిమేషన్ ప్రాజెక్టు రెండర్‌కి పెడితే అరగంటలో అవ్వాల్సింది ముప్పావుగంట పడుతుంది. క్యాబినెట్ పక్కన చెయ్యి పెడితే సెగ! 'పాతదైపోయింది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే' అని ఇంట్లో తీర్మానం అయిపోతుంది. దానికి వేలకు వేలు కావాలి. నిజానికి చాలాసార్లు పాడైంది కార్డు కాదు... దాని లోపల, కాగితమంత మందాన ఉండే ఓ బూడిదరంగు పూత. దాన్ని మార్చడానికయ్యే ఖర్చు కొన్ని వందలు. కాకపోతే ఏ వేడి దానివల్ల వచ్చిందో ముందు తెలియాలి. ఎక్కడ తొందరపడకూడదో కూడా తెలియాలి.

సందు మూసే ముద్ద

2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డునే తీసుకుందాం. మన ఊళ్లలో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పనిచేస్తున్న కార్డు అది. దాని గుండెకాయ లాంటి చిప్ పెద్ద తపాలా బిళ్లంత కూడా ఉండదు. అంతలోనే 440 కోట్ల ట్రాన్సిస్టర్లు! పూర్తిగా పనిచేస్తున్నప్పుడు కార్డు 120 వాట్ల కరెంటు వాడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆ చిన్న చిప్ మీదే వేడిగా బయటకొస్తుంది. పాతకాలం వంద వాట్ల బల్బు వేడిని బొటనవేలంత జాగాలో కుక్కినట్టన్నమాట.

ఆ వేడిని లాక్కోవడానికి చిప్ మీద లోహపు హీట్‌సింక్ ఉంటుంది. దాని పలకల మధ్య నుంచి ఫ్యాన్లు గాలిని తోస్తాయి. చిక్కల్లా చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్యనే. రెండూ అద్దాల్లా నున్నగా కనిపిస్తాయి కానీ, కంటికి కనపడని గుంటలూ గీతలూ వాటి నిండా ఉంటాయి. రెంటినీ ఎంత గట్టిగా బిగించినా ఆ గుంటల్లో గాలి మిగులుతుంది. గాలి వేడిని పోనిచ్చే రకం కాదు. రాగితో పోలిస్తే పది వేల వంతు కూడా మోయలేదు. అందుకే ఆ సందుల్ని నింపడానికి థర్మల్ పేస్టు రాస్తారు. సిలికాన్ నూనెలో జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి మెత్తటి పొడుల్ని కలిపి చేసిన ముద్ద అది. రాగి అంత బాగా కాకపోయినా గాలికన్నా ఎన్నో రెట్లు బాగా వేడిని అవతలికి చేరుస్తుంది.

మరి ఏళ్లు గడిస్తే దానికేమవుతుంది? రెండు జరుగుతాయి. ఒకటి, నూనె మెల్లగా బయటికి ఊరిపోయి పొడి మాత్రం మిగులుతుంది. ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది. రెండోది ఇంకాస్త ముఖ్యం. కంప్యూటర్ వాడినప్పుడల్లా చిప్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆపినప్పుడు చల్లారి ముడుచుకుంటుంది. హీట్‌సింక్‌లోని రాగి సిలికాన్ కంటే ఆరు రెట్లు ఎక్కువగా సాగుతుంది. ఇలా రెండు పలకలూ రోజూ ఒకదానిమీద ఒకటి కాస్త కాస్త జరుగుతుంటే మధ్యలోని ముద్ద కొంచెం కొంచెంగా అంచులకు నెట్టుకుపోతుంది. ఇలా కొన్ని వేలసార్లు జరిగాక చిప్ నడిమధ్యన... అంటే ఎక్కువ వేడి పుట్టే చోట... పూత దాదాపు ఉండదు.

దుమ్మా? పేస్టా?

కంప్యూటర్ వేడెక్కగానే పేస్టు మార్చేయాలనుకోవడం పొరపాటు. సగం కేసుల్లో దోషి హీట్‌సింక్ పలకల మధ్య దుప్పటిలా పట్టేసిన దుమ్ము. కార్డు విప్పకుండానే ఈ రెంటినీ విడదీయొచ్చు. దానికి GPU-Z అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో సెన్సర్ల పేజీ తెరిస్తే `GPU Temperature`, `Hot Spot`, `Fan Speed (%)`, `GPU Clock` అనే వరసలు కనిపిస్తాయి. మొదటిది చిప్ ఉష్ణోగ్రత, రెండోది చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటిది. కొన్ని కార్డుల్లో రెండోది కనిపించదు. అయినా పరీక్ష చేయొచ్చు.

ముందుగా గదిలో ఉష్ణోగ్రత ఎంతో రాసుకోవాలి. ఇది మర్చిపోతే లెక్కంతా తప్పుతుంది. జనవరిలో 24 డిగ్రీలున్న గదే మేలో 36కి చేరితే, ఏ లోపమూ లేని కార్డు కూడా పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి చూడాల్సింది కార్డు ఎంత వేడిగా ఉందని కాదు, గది కంటే ఎంత వేడిగా ఉందని.

తర్వాత భారీ గేమ్ ఏదైనా పెట్టి, అంకె ఎలా పెరుగుతోందో గమనించాలి. గుట్టు అంతా అందులోనే ఉంది. దుమ్ము పట్టిన కార్డులో వేడి చిప్ నుంచి హీట్‌సింక్‌కి బాగానే వెళుతుంది, అక్కణ్నుంచి గాలిలోకే పోలేదు. కాబట్టి ఉష్ణోగ్రత ఐదు, పది నిమిషాలపాటు నిదానంగా పాకుతూ పైకెళుతుంది. గేమ్ ఆపాక దిగడానికీ అంతే తాత్సారం చేస్తుంది. పేస్టు ఎండిన కార్డు అలా కాదు. వేడి చిప్‌లోనే చిక్కుకుపోతుంది కాబట్టి గేమ్ మొదలైన నాలుగైదు సెకన్లలోనే 45 నుంచి 70కి ఎగబాకుతుంది. ఆపగానే అంతే చటుక్కున కిందికి దూకుతుంది. లోపల చిప్ ఉడుకుతున్నా బయట హీట్‌సింక్ మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది.

`Hot Spot` కనిపించే కార్డుల్లో మరో ఆధారం దొరుకుతుంది. ఇలాంటి కార్డులో దానికీ చిప్ ఉష్ణోగ్రతకీ మధ్య తేడా మామూలుగా పది పదిహేను డిగ్రీలుంటుంది. పాతికకి చేరువైందంటే చిప్ మీద పూత అంతటా సమానంగా లేదని అనుమానించాలి.

ఓ కార్డు లెక్క

ఏడెనిమిదేళ్లు వాడిన ఓ 1060 కార్డుని ఉదాహరణగా అనుకుని అంకెలు వేద్దాం. గదిలో 34 డిగ్రీలు. గేమ్ పెట్టిన పావుగంటకి చిప్ 83, హాట్‌స్పాట్ 107, ఫ్యాన్ 95 శాతం. ఈ 83 అన్నది యాదృచ్ఛికం కాదు. ఈ కార్డుకి తయారీ సంస్థ ఎన్‌విడియా మామూలుగా పెట్టిన హద్దు అదే. అక్కడికి చేరాక కార్డు తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. `PerfCap Reason` దగ్గర `Thrm` అని చూపిస్తుంది. కొత్తలో 1850 మెగాహెర్జ్‌తో పరిగెత్తిన చిప్ 1700కి పడిపోతుంది. బొమ్మ ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే. కాబట్టి ఉష్ణోగ్రత 83 దగ్గరే నిలిచింది కదా, ఫర్వాలేదులే అనుకోకూడదు. వేగమూ ఫ్యాన్ చప్పుడూ కూడా కలిపి చూడాలి.

మొదటి పని దుమ్ము దులపడం. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవ్వచ్చు. దులిపాక అదే గేమ్, అదే పావుగంట... చిప్ 81, హాట్‌స్పాట్ 104. రెండు మూడు డిగ్రీలే తగ్గింది, మధ్య తేడా 23, దాదాపు అలాగే ఉంది. అంటే దుమ్ము ఉన్నా అసలు దోషి అది కాదు. ఇక కార్డు విప్పక తప్పదు. అదే దులపగానే చిప్ 70కి దిగివచ్చి, తేడా పన్నెండు లోపే ఉంటే... స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయడమే మంచిది. బాగున్న పేస్టుని మారిస్తే వచ్చే లాభం లేదు, విప్పేటప్పుడు ఏదైనా విరిగే ప్రమాదం తప్ప.

విప్పేముందు...

కావాల్సినవి పెద్దగా లేవు. నాలుగు గ్రాముల థర్మల్ పేస్టు ట్యూబు, మంచి స్టార్ స్క్రూడ్రైవర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ. పేస్టు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో దొరుకుతుంది. కరెంటు పోనివ్వని మామూలు పేస్టే అడగాలి. 'లిక్విడ్ మెటల్' పేరుతో అమ్మే రకం జోలికి మాత్రం పోవద్దు. దాన్లోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, చుక్క పక్కకి జారితే షార్ట్ సర్క్యూటే. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ కూడా పనికిరాదు. అందులో కలిపే గ్లిజరిన్ చిప్ మీద జిడ్డుగా మిగిలిపోతుంది. ఆల్కహాల్ భగ్గున అంటుకునే సరుకు కాబట్టి ఈ పని పొయ్యికీ దీపానికీ దూరంగా, పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కన ఉండగా సాగాలి.

కార్డుకి వారంటీ ఇంకా ఉంటే విప్పకండి. స్క్రూ మీద అంటించిన చిన్న స్టిక్కర్ చిరిగితే కొన్ని సంస్థలు పేచీ పెడతాయి.

విప్పేముందు ఓ పది నిమిషాలు గేమ్ ఆడి కార్డుని వెచ్చబరచాలి. గట్టిపడిన పేస్టు కాస్త మెత్తబడి సులువుగా ఊడుతుంది. తర్వాత కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ కరెంటూ దిగిపోతుంది. కార్డు మీదున్న పవర్ కేబుల్ తీసి, క్యాబినెట్‌కి బిగించిన స్క్రూ విప్పి, మదర్‌బోర్డు స్లాటు చివరనున్న చిన్న ప్లాస్టిక్ గొళ్లాన్ని నొక్కితే కార్డు చేతికొస్తుంది. గొళ్లెం నొక్కకుండా లాగితే స్లాటే విరుగుతుంది.

కార్డుని బోర్లించి చూస్తే చిప్‌కి వెనకవైపు చతురస్రంగా నాలుగు స్ప్రింగు స్క్రూలు కనిపిస్తాయి. హీట్‌సింక్‌ని చిప్ మీద అదిమిపెట్టేవి అవే. వాటిని ఒక్కొక్కటి పూర్తిగా ఊడదీయకూడదు. ఎదురెదురు మూలల్లోవి కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రావాలి. ఒక మూల బిగుతుగా, ఇంకో మూల వదులుగా ఉంటే గాజులాంటి చిప్ అంచు పెచ్చు ఊడిపోతుంది. స్క్రూలన్నీ వచ్చాక హీట్‌సింక్‌ని పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. ఊడి వచ్చినా ఒక్కసారిగా ఎత్తేయొద్దు. ఫ్యాన్ వైర్లు ఇంకా కార్డుకి తగిలి ఉంటాయి. వాటి ప్లగ్గుని పట్టుకుని తీయాలి, వైరు పట్టుకుని కాదు.

తుడవడం... పూయడం

విప్పగానే నిజం తెలిసిపోతుంది. చిప్ నడిమధ్య అద్దంలా మెరుస్తూ, అంచుల చుట్టూ బూడిదరంగు ముద్ద గట్టుకట్టి ఉంటే... ఇన్నాళ్ల వేడికి కారణం దొరికినట్టే.

ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డని చిప్ మీద ఓ నిమిషం ఉంచి, తర్వాత తుడిస్తే పాత పేస్టు సులువుగా వస్తుంది. బ్లేడుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చిప్ చుట్టూ ఆవగింజల్లాంటి కెపాసిటర్లు వరసలుగా అతికి ఉంటాయి. ఒక్కటి ఊడినా కార్డు మూలపడొచ్చు. హీట్‌సింక్ వైపు కూడా ఇలాగే తుడిచి, తడి పూర్తిగా ఆరనివ్వాలి.

ఇప్పుడు పేస్టు. గ్రాఫిక్స్ కార్డులో చిప్ మీద లోహపు మూత ఉండదు, సిలికాన్ బయటికే ఉంటుంది. కాబట్టి ఏ మూల పూత అందకపోతే ఆ మూల మాడుతుంది. అందుకే ఇక్కడ మధ్యలో చుక్క పెట్టి వదిలేయకుండా, ట్యూబుతోపాటు వచ్చే ప్లాస్టిక్ పుల్లతో చిప్ నాలుగు అంచుల దాకా పల్చగా పరచాలి. చిప్ మెరుపు కనిపించకూడదు, అలాగని దోసెకి వెన్న పూసినట్టు దట్టంగానూ ఉండకూడదు. కాస్త ఎక్కువైనా బిగించినప్పుడు పక్కలకి పొంగుతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. తక్కువైతేనే ఇబ్బంది. తర్వాత ఫ్యాన్ ప్లగ్గు పెట్టి, హీట్‌సింక్‌ని నిలువుగా దించి, నాలుగు స్క్రూలనూ మళ్లీ ఎదురెదురు మూలలుగా రెండేసి చుట్ల చొప్పున బిగించాలి. స్క్రూ ఆగిన చోటే ఆపేయాలి. అంతకు మించి బలం అక్కర్లేదు.

ప్యాడ్లతో పారాహుషార్!

కొత్తగా చేసేవాళ్ల పని ఎక్కువగా చెడేది పేస్టు దగ్గర కాదు. చిప్ చుట్టూ ఉండే మెమరీ చిప్‌ల మీదా, కరెంటు అందించే భాగాల మీదా మెత్తటి రబ్బరు పట్టీల్లాంటి థర్మల్ ప్యాడ్లు ఉంటాయి. అవి బాగుంటే, చిరగకుండా ఉంటే, ఏది ఎక్కడుందో అక్కడే ఉంచేయడం ఉత్తమం. విప్పగానే సెల్‌ఫోన్‌తో ఓ ఫొటో తీసుకుంటే తర్వాత తికమక ఉండదు.

చిరిగితే మాత్రం అదే మందం ఉన్నది కొని వేయాలి. అవి అర మిల్లీమీటరు, ఒకటి, ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతాయి. ఒక్క అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా హీట్‌సింక్ ఆ ప్యాడ్ల మీదే ఆగిపోయి అసలు చిప్‌ని సరిగా తాకదు. అప్పుడు పేస్టు ఎంత మంచిదైనా వృథా. పలచబడితే చిప్ చల్లగానే ఉంటుంది కానీ మెమరీ కాగిపోతుంది.

కార్డు పెట్టి ఆన్ చేశాక మొదటి ఐదు నిమిషాలు అంకెల మీదే కళ్లుండాలి. గేమ్ పెట్టిన క్షణాల్లో ఉష్ణోగ్రత మునుపటికంటే వేగంగా 85, 90 వైపు పరుగెడితే వెంటనే ఆపేయాలి. హీట్‌సింక్ సరిగా కూర్చోలేదని అర్థం. అసలు బొమ్మే రాకపోతే ముందు పవర్ కేబుల్ పెట్టారో లేదో, కార్డు స్లాట్‌లో పూర్తిగా దిగిందో లేదో చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు తిరగకపోతే కంగారుపడొద్దు. చాలా కార్డుల్లో వేడెక్కే దాకా అవి ఆగే ఉంటాయి.

అన్నీ సరిగ్గా కుదిరితే మన ఉదాహరణలోని కార్డు, అదే 34 డిగ్రీల గదిలో, పావుగంట గేమ్ తర్వాత 71 దగ్గర ఆగుతుంది. హాట్‌స్పాట్ 83, తేడా 12. ఫ్యాన్ 65 శాతానికి దిగి మోత తగ్గుతుంది. వేగం మళ్లీ 1850కి చేరుతుంది. పన్నెండు డిగ్రీలే కదా అనిపించొచ్చు. హద్దు దగ్గర ఇరుక్కున్న కార్డుకి ఆ పన్నెండే ఊపిరి.

ప్రాసెసర్ అయితే...

ప్రాసెసర్‌కి పేస్టు మార్చడం ఇంతకన్నా తేలిక. దానిమీద లోహపు మూత ఉంటుంది కాబట్టి చిప్ పెచ్చు ఊడే భయం లేదు. మధ్యలో బఠాణీ గింజంత పేస్టు పెట్టి కూలర్ బిగిస్తే అదే పరుచుకుంటుంది. కాకపోతే ఓ గండం ఉంది. ఏఎండీ ఏఎమ్4 సాకెట్ ప్రాసెసర్లకు అడుగున సన్నటి పిన్నులుంటాయి. ఎండిన పేస్టు జిగురులా పట్టేయడంతో కూలర్‌ని నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ఇక్కడా మంత్రం ఒక్కటే... వెచ్చబరచాలి, తిప్పాలి, అప్పుడే ఎత్తాలి.

పైపూత మార్చినా తగ్గని వేడి ఒకటుంది. 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ నుంచి కొన్నేళ్లపాటు ఇంటెల్ తన మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మూత కింద కూడా పేస్టే వాడింది. అది ఎండితే బయట ఎంత మంచి పేస్టు రాసినా పూర్తి ఫలితం రాదు. మూత ఊడదీసి మార్చేవాళ్లు లేకపోలేదు కానీ అది ఇంట్లో చేసుకునే పని కాదు.

కొత్త పేస్టు ఎన్నాళ్లు ఉంటుందన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. రోజూ గంటలకొద్దీ వేడెక్కి చల్లారే గ్రాఫిక్స్ కార్డులో పల్చటి రకం పేస్టు ఏడాది రెండేళ్లకే మళ్లీ అంచులకు జారిపోవచ్చు. అలాంటప్పుడు చిక్కటి పేస్టు ఎంచుకోవాలి. లేదంటే హనీవెల్ పీటీఎమ్ 7950 లాంటి రేకు వేసుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, 45 డిగ్రీలు దాటాక మెత్తబడి సందులన్నీ నింపుతుంది. పేస్టులా పక్కలకి అంత తేలిగ్గా జారిపోదు. ఏది వేసినా పని అయిన రోజు గది ఉష్ణోగ్రత, చిప్, హాట్‌స్పాట్, ఫ్యాన్... ఈ నాలుగు అంకెల్నీ ఓ చీటీ మీద రాసి క్యాబినెట్ లోపలి తలుపుకి అంటించండి. వచ్చే వేసవిలో మోత మొదలైతే పెరిగింది ఎండో, ఎండింది పేస్టో ఆ చీటీయే చెబుతుంది.